రాయి తగిలిన రోజే ఉత్తరం పడాలి

మన నిర్మాణ పనుల్లో పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. తవ్వకంలో అనుకోని రాయి తగిలినా, ఊట నీరు ఎగదన్నినా, పాత పునాది బయటపడినా ముందు పని కానివ్వాలట. కాగితం పెడితే యజమానికి మనసు విరుగుతుందట. ఏఈ గారు రోజూ చూస్తూనే ఉన్నారు కాబట్టి ఉత్తరమెందుకు, ఫైనల్ బిల్లులో సర్దుకోవచ్చు అంటారు. దీన్ని అనుభవజ్ఞుల లోకజ్ఞానంగా కొత్త కాంట్రాక్టర్లకు నూరిపోస్తారు. ఉత్తరం రాసే కాంట్రాక్టరును ‘క్లెయిముల మనిషి’ అని ముద్ర వేస్తారు. ఈ నమ్మకం తప్పని, దానివల్ల కాంట్రాక్టరు కంటే ముందు యజమానే నష్టపోతాడని నేను వాదిస్తున్నాను.

గాలిలో వాదించడం కాకుండా ఒక పనిని ముందు పెట్టుకుందాం. హైదరాబాద్ పడమటి వైపు, గ్రానైటు నేల. ఒక పెద్ద నివాస సముదాయానికి భూగర్భ సంపు కట్టాలి. గొయ్యి 24 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల లోతు. అంటే 1,800 ఘనపు మీటర్ల తవ్వకం. టెండరుతో ఇచ్చిన బోర్ లాగ్‌లు రెండు. ఒకటి నైరుతి మూలలో వేసింది, రెండోది ఈశాన్యాన గొయ్యికి పది మీటర్ల అవతల వేసింది. రెండింటిలోనూ పైన మొరం, కింద మెత్తని శిథిల రాయి, 5.4 నుంచి 5.6 మీటర్ల దగ్గర గట్టి రాయి. అందుకే బిల్ ఆఫ్ క్వాంటిటీస్‌లో హార్డ్ రాక్ ఐటెం కింద 60 ఘనపు మీటర్లే చూపారు. ఈ అంకెలు ఉదాహరణ కోసం నేను పెట్టినవి. అయితే ఆ నేల తీరు తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. గ్రానైటు ఒకే మట్టంగా శిథిలం కాదు. పగుళ్ల వెంట నీరు దిగినచోట మొరం అవుతుంది, దిగనిచోట రాయి రాయిగానే నిలిచిపోతుంది. పక్కపక్కనే ఒకచోట ఆరు మీటర్ల మొరం, ఇంకోచోట రెండు మీటర్లకే చట్టు రాయి ఉండవచ్చు.

ఒక నెల 4వ తేదీన, గొయ్యి ఉత్తర భాగంలో, రెండున్నర మీటర్ల లోతు దగ్గర పొక్లెయిన్ బకెట్ ఆగింది. పళ్లు గీరుతున్నాయి, తెల్లటి పొడి లేస్తోంది, రాయి తాజాగా బూడిద రంగులో మెరుస్తోంది. ఆ సాయంత్రం కాంట్రాక్టరు ఏం చేయాలి? పెద్దల సలహా వింటే బ్రేకర్‌కు ఫోన్ చేయాలి. మర్నాడు పొద్దున్నకల్లా రాయి పగులుతూ ఉంటుంది.

ఆ సలహాలో మొదటి తప్పు సాక్ష్యానికి సంబంధించింది. మామూలుగా కట్టిన పనిని తర్వాతైనా కొలవవచ్చు. గోడ నిలబడే ఉంటుంది, స్లాబు ఎక్కడికీ పోదు. తవ్వకంలో కొలవాల్సిన వస్తువునే మనం పగలగొట్టి లారీల్లో పంపించేస్తాం. రాయి పై మట్టం ఎక్కడుందో చెప్పగలిగేది ఆ రాయి మాత్రమే. బ్రేకర్ ముట్టుకున్న మరుక్షణం నుంచి అది చెరిగిపోతూ ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఫైనల్ బిల్లు దగ్గర కాంట్రాక్టరు 430 ఘనపు మీటర్లంటాడు, ఆఫీసు 150 అంటుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పకపోవచ్చు. తేల్చడానికి ఆధారమే మిగల్లేదు.

సీపీడబ్ల్యూడీ స్పెసిఫికేషన్లు దీనికొక దారి చూపాయి. మెత్తని రాయి, గట్టి రాయి కలిసిపోయి విడిగా లెవెల్స్ తీయడం కుదరనప్పుడు రెండింటినీ వేర్వేరు కుప్పలుగా పేర్చి కొలుస్తారు. రాళ్ల మధ్య ఖాళీల కింద సగం తీసేస్తారు. కుప్పల లెక్క మొత్తం తవ్వకాన్ని మించితే ఆ తవ్వకాన్ని రెండు రకాలకూ అదే నిష్పత్తిలో పంచుతారు. పద్ధతి బాగానే ఉంది. కానీ కుప్పలు పెట్టాలని ముందే ఎవరో ఒకరు చెప్పాలి, పెట్టడానికి చోటు చూపాలి, రాయిని బయటికి తోలకుండా ఆపాలి. ఉత్తరం పడకపోతే ఇవేవీ జరగవు. రెండో రోజుకే రాళ్లు రివిట్‌మెంటు పనికో, అమ్మకానికో వెళ్లిపోతాయి.

‘ఏఈ గారు చూశారు కదా’ అనే మాటకు ఇక్కడే జవాబుంది. ఏఈ చూసింది నిజమే. ఆయన చూసింది కాగితం మీదికి రాకుండానే బదిలీ కావచ్చు. కొత్తగా వచ్చినాయన ముందు గొయ్యి కాంక్రీటుతో నిండి ఉంటుంది. ఆయన తాను చూడనిదాన్ని ఎం-బుక్‌లో ఎక్కించనంటే అది ఆయన తప్పు కాదు. వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టాం కదా అనేవాళ్లు కూడా ఒకటి గమనించాలి. ఆ ఫోటోలో కొలత ఉండదు, గొయ్యిలో ఏ మూలో తెలియదు, ఎవరిని ఏం అడిగారో ఉండదు. వివాదం మధ్యవర్తి దాకానో కోర్టు దాకానో వెళితే ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియం 2023లోని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలన్న పేచీ మొదలవుతుంది. ఆఫీసు ఇన్‌వర్డ్ ముద్ర పడిన ఒక్క పేజీకి ఆ బాధ లేదు. ఫోటో పెట్టండి, తప్పకుండా పెట్టండి. దాన్ని ఉత్తరానికి జతచేసి పెట్టండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఉత్తరం యజమానికి వ్యతిరేకంగా వేసే పాచిక అని మనవాళ్లు అనుకుంటారు. ఆ సంపు దగ్గరే నిలబడి చూద్దాం. రాయి పగలకముందు యజమాని చేతిలో దారులున్నాయి. ఉత్తర దిక్కు సగంలో సంపు అడుగును 1.2 మీటర్లు పైకి జరపవచ్చు. ఆ సగం 12 మీటర్లు, 15 మీటర్లు, అంటే 180 చదరపు మీటర్లు. 1.2 మీటర్లు పైకి జరిపితే 216 ఘనపు మీటర్ల గట్టి రాయిని పగలగొట్టే పనే తప్పిపోతుంది. తగ్గే నిల్వ సుమారు 2 లక్షల 16 వేల లీటర్లు. దక్షిణం వైపు మొరంలో గొయ్యిని మరో మూడు మీటర్లు పొడిగిస్తే 225 ఘనపు మీటర్లు వస్తాయి. గోడల మందం పక్కన పెడితే నిల్వ తిరిగి వచ్చినట్టే. మొరం తవ్వడం రెండు రోజుల పని. పొడిగించడానికి స్థలం ఉందా, పైపుల మట్టాలు కుదురుతాయా, మెట్టు వచ్చినచోట జాయింటు ఎలా అన్నది డిజైనరు చూడాలి. కుదరదంటే కుదరదు. కుదురుతుందో లేదో అడిగే అవకాశమే లేకుండా చేసేది మాత్రం, మంచివాడనిపించుకోవడానికి మౌనంగా బ్రేకర్ దింపిన కాంట్రాక్టరే. యజమాని డబ్బుతో తీసుకోవాల్సిన నిర్ణయాన్ని ఆయన్ను అడగకుండా తీసుకోవడం సహకారమెలా అవుతుంది?

దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. సంపు అడుగు రాఫ్టులో ఉత్తరం సగం గ్రానైటు మీద, దక్షిణం సగం శిథిల రాయి మీద కూర్చుంటుంది. నీళ్లు నిండాక దక్షిణం వైపు కొద్దిగానైనా దిగుతుంది, ఉత్తరం వైపు కదలదు. రెండూ కలిసే గీత మీద రాఫ్టు వంగుతుంది. మామూలు గదిలో అది వెంట్రుకవాసి బీట. నీళ్ల తొట్టిలో అదే లీకు. బయట భూగర్భ జలం పైకి ఉన్న కాలంలో ఆ బీట గుండానే మురికి లోపలికి వస్తుంది. దీన్ని సరిచేసే పద్ధతులున్నాయి. రాయిని మరికొంత కిందికి తీసి మీద గట్టిగా దట్టించిన పొర వేయవచ్చు, మెత్తని వైపు లీన్ కాంక్రీటుతో నింపవచ్చు, జాయింటు పెట్టి వాటర్ స్టాపరు వేయవచ్చు. వీటిలో ఏది అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి. మేస్త్రీ చెప్పకూడదు. నేల మారిందని డిజైనరుకు తెలియకపోతే ఆయన గీసింది లేని నేల మీద గీసిన బొమ్మే. ఈ కబురు ఆయనకు చేర్చే అధికారిక దారి ఆ ఉత్తరమొక్కటే. దాన్ని కేవలం డబ్బు కాగితంగా చూసేవాళ్లు ఇంజనీరింగునే మరచిపోయారు.

రెండో వాదన కొంచెం తెలివైనది. ‘ఐటెం రేటు కాంట్రాక్టే కదా, హార్డ్ రాక్‌కు రేటు ఉంది, కొలిచి బిల్లు వేసుకుంటే సరి’ అంటారు. రేటు ఉంది, నిజమే. 60 ఘనపు మీటర్లకు ఇచ్చిన రేటు 430కి అదే రేటుగా వర్తిస్తుందా అన్నది ఒప్పందంలోని డీవియేషన్ పరిమితి తేలుస్తుంది. పక్కన ఇళ్లుండి బ్లాస్టింగ్ కూడదంటే ఐటెమే మారిపోతుంది. సీపీడబ్ల్యూడీ వర్గీకరణలో గట్టి రాయి వేరు, బ్లాస్టింగ్ నిషేధించిన గట్టి రాయి వేరు. నిషేధం ఎవరు విధించారు, ఎప్పుడు విధించారు అన్నది రాతలో లేకపోతే రెండో ఐటెం అడగడానికి ఆధారం ఉండదు. అన్నిటికీ మించి, రేటు డబ్బునిస్తుంది కానీ రోజులను ఇవ్వదు. బ్రేకర్‌తో రాయి పగలగొట్టే రోజులు పని కార్యక్రమంలో ఎక్కడా లేవు. వాటిని విడిగా అడగాలి, గడువులోపు అడగాలి.

గడువు సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. సీపీడబ్ల్యూడీ సాధారణ షరతుల్లో 5వ క్లాజు ప్రకారం జాప్యానికి కారణమైన సంఘటన జరిగిన 14 రోజుల్లోపు, నిర్ణీత ఫారంలో, రాతపూర్వకంగా గడువు పొడిగింపు అడగాలి. ఫిడిక్ 1999 రెడ్ బుక్‌లో రెండు మెట్లున్నాయి. ఊహించని భౌతిక పరిస్థితి ఎదురైతే వీలైనంత త్వరగా తెలపాలని 4.12 చెబుతుంది. కాంట్రాక్టరుకు తెలిసినప్పటి నుంచి, లేదా తెలిసి ఉండాల్సినప్పటి నుంచి 28 రోజుల్లోపు క్లెయిము నోటీసు ఇవ్వాలని, లేకపోతే సమయమూ డబ్బూ రెండూ పోతాయని 20.1 చెబుతుంది. 2017 ప్రతిలో క్లెయిము నోటీసు క్లాజు నంబరు మారింది, 28 రోజులు మాత్రం అలాగే ఉన్నాయి. ఇలాంటి గడువులు మన కాంట్రాక్టు చట్టంలోని 28వ సెక్షన్ ముందు నిలుస్తాయా అని న్యాయవాదులు వాదించుకుంటారు. ఆ వాదన మీద ఆశ పెట్టుకుని సైట్ నడిపేవాడు ఒక పేజీ రాసే శ్రమకు జడిసి ఏళ్ల తరబడి లిటిగేషన్ కొనుక్కుంటున్నాడు. అటు పని ఆలస్యమైతే సీపీడబ్ల్యూడీ 2వ క్లాజు కింద పరిహారం పనివిలువలో 10 శాతం దాకా కోసుకునే వీలుంది. చిన్న కాంట్రాక్టరుకు ఆ పది శాతమే మొత్తం లాభం.

‘హిండరెన్స్ రిజిస్టర్‌లో ఎక్కించాం, అది చాలు’ అనేవాళ్లూ ఉన్నారు. రిజిస్టర్ తప్పకుండా రాయాలి. ఆటంకం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తొలగింది అని ఇద్దరి సంతకాలతో ఉండే ఆ పుస్తకానికి విలువుంది. కానీ అది జరిగినదాన్ని నమోదు చేస్తుందే తప్ప ఎవరినీ ప్రశ్న అడగదు. అడుగు మట్టం మార్చాలా వద్దా అన్న ప్రశ్నకు రిజిస్టర్‌లో గడి ఉండదు.

ఇక అందరికంటే ఎక్కువమంది చెప్పే మాట: ‘మొత్తం ఎంత రాయి ఉందో తేలాక ఒకేసారి వివరంగా రాద్దాం.’ జాగ్రత్తపరుల మాటలా వినిపిస్తుంది కానీ దీనివల్లే ఎక్కువ ఉత్తరాలు ఆలస్యమవుతాయి. మొత్తం తేలేది పగలగొట్టాకే. దీనికి మందు రెండు ఉత్తరాలు. మొదటిది బకెట్ ఆగిన రోజునే వెళ్లాలి. దానికి ఐదారు వాక్యాలు చాలు. ఎక్కడ, ఎంత లోతులో, ఏం తగిలింది, టెండరు లాగ్‌లు ఏం చూపాయి, అక్కడ తవ్వకం నిలిపాం, ఉమ్మడి పరిశీలనకు రేపు పొద్దున రండి. అంకెలు తర్వాత పంపుతామని చెప్పడంలో చిన్నతనం ఏమీ లేదు. రెండోది మూడు రోజుల తర్వాత, కొలతలతో.

ఆ మూడు రోజుల్లో చేయాల్సిన పని ఒకటుంది. తగిలింది గుండా, చట్టా అన్నది తేల్చాలి. మొరంలో విడిగా ఇరుక్కున్న పెద్ద గుండు పైనుంచి చూస్తే చట్టులాగే కనిపిస్తుంది. గుండైతే చుట్టూ తవ్వి, చీల్చి, ఎత్తేయవచ్చు. పరిమాణం తక్కువ, ఆటంకం ఒకటి రెండు రోజులు. చట్టయితే లెక్క పూర్తిగా వేరు. పైనున్న మొరం చేతులతో శుభ్రం చేయించి, జాక్‌హామర్‌తో నాలుగైదు చోట్ల రంధ్రాలు వేస్తే తెలిసిపోతుంది. ఒక మీటరు దిగాక రాడ్డు ఒక్కసారిగా జారి మెత్తని మట్టిలోకి పోతే అది గుండు. అన్ని రంధ్రాల్లోనూ రాయి కొనసాగితే చట్టు. ఈ పరీక్ష చేయకుండా ‘మొత్తం రాయే’ అని రాసిన ఉత్తరం మర్నాడే అబద్ధమని తేలవచ్చు. అలా ఒకసారి తేలితే ఆ తర్వాత ఆ కాంట్రాక్టరు రాసిన ఏ ఉత్తరాన్నీ ఎవరూ నమ్మరు. చట్టని తేలాక మూడు మీటర్ల గడులుగా రాయి మీద లెవెల్స్ తీయాలి. మన ఉదాహరణలో 30 చోట్ల. లెవెల్ ఫీల్డ్ బుక్‌లో ఇరుపక్షాలూ సంతకం చేయాలి. ఆఫీసు నుంచి ఎవరూ రాకపోతే పిలిచినట్టు ఉత్తరం ఉంది కాబట్టి మన లెవెల్స్ మనం తీసి, ఫోటోలో స్టాఫ్, గడి నంబరు కనిపించేలా పెట్టి పంపాలి.

రెండో ఉత్తరం ఇలా ఉండాలని నా అభిప్రాయం.

“అయ్యా,

విషయం: భూగర్భ సంపు తవ్వకంలో ఊహించని గట్టి రాయి. ఆదేశాలు, గడువు పొడిగింపు కోరడం. ఆధారం: ఈ నెల 4వ తేదీ మా ఉత్తరం.

ఈ నెల 4న సంపు ఉత్తర భాగంలో గట్టి రాయి తగిలిన సంగతి తెలియజేశాం. 5, 6 తేదీల్లో రాయి పైభాగం శుభ్రం చేసి, మీ అసిస్టెంటు ఇంజనీరు సమక్షంలో 30 చోట్ల లెవెల్స్ తీశాం. సగటున నేలమట్టానికి 2.6 మీటర్ల కింద రాయి ఉంది. అయిదు చోట్ల 1.8 మీటర్ల లోతు జాక్‌హామర్ రంధ్రాలు వేశాం. ఎక్కడా రాయి అడుగు తగల్లేదు. లెవెల్ షీట్, స్కెచ్, ఫోటోలు జతచేశాం.

టెండరుతో ఇచ్చిన 1, 2 నంబర్ల బోర్ లాగ్‌లలో గట్టి రాయి వరుసగా 5.4, 5.6 మీటర్ల దగ్గర చూపారు. బిల్ ఆఫ్ క్వాంటిటీస్‌లో గట్టి రాయి 60 ఘనపు మీటర్లు. ఇప్పుడు డ్రాయింగ్ మట్టం వరకు తీయాల్సింది సుమారు 432 ఘనపు మీటర్లు.

ఉత్తర సరిహద్దుకు ఆనుకుని ఇళ్లున్నందున బ్లాస్టింగ్ చేయకుండా బ్రేకర్‌తో తీయాల్సి ఉంటుందని భావిస్తున్నాం. గంటకు 4 ఘనపు మీటర్లు, రోజుకు 8 గంటలు చొప్పున 14 రోజులు పడుతుందని అంచనా. కార్యక్రమంలో ఈ భాగానికి 5 రోజులు ఉన్నాయి. ఇది పూర్తికాకుండా రాఫ్టు మొదలుకాదు కాబట్టి 9 రోజుల పొడిగింపు కోరుతున్నాం. మొదటి రెండు రోజుల ఉత్పత్తిని ఉమ్మడిగా కొలిచి అంచనా సవరిస్తాం.

ఈ అంశాలపై రాతపూర్వక ఆదేశం ఇవ్వగలరు: అడుగు మట్టం డ్రాయింగ్ ప్రకారమే ఉంచాలా, పైకి జరపాలా, సగం రాయి, సగం శిథిల రాయి మీద రాఫ్టు వేసేందుకు డిజైనరు సూచన ఏమిటి, రాయి తీసే పద్ధతి, వర్తించే ఐటెం ఏది, తీసిన రాయి పేర్చేందుకు స్థలం ఎక్కడ. ఈ నెల 11వ తేదీలోగా ఆదేశం అందితే రాఫ్టు స్టీలు తయారీకి ఆటంకం ఉండదు. ఈలోగా దక్షిణ భాగం తవ్వకం, వాలు సరిచేయడం కొనసాగిస్తున్నాం. రాయిని కదిలించడం లేదు.”

ఈ ఉత్తరంలో కోపం లేదు, బెదిరింపు లేదు. ‘మాకు కోలుకోలేని నష్టం జరిగింది’ లాంటి వాక్యం లేదు. మన దగ్గర తిరిగే నమూనా ఉత్తరాలు చాలావరకు ఆ వాక్యంతోనే మొదలై, క్లాజుల నంబర్లతో నిండి, రాయి ఎంత లోతులో ఉందో మాత్రం చెప్పకుండా ముగుస్తాయి. ఉత్తరాలంటే యజమానులకు కలిగే విసుగులో సగం ఇలాంటివాటి వల్లే. ఆ విసుగు న్యాయమైనదే. కానీ చెడ్డ ఉత్తరానికి విరుగుడు మంచి ఉత్తరం. ఉత్తరమే మానేయడం కాదు.

అడిగిన రోజులను గమనించండి. 14 కాదు, 9 అడిగారు. కార్యక్రమంలో ఆ భాగానికి అప్పటికే ఉన్న 5 రోజులు తీసేశారు. 60 ఘనపు మీటర్ల గట్టి రాయికి రెండు, మిగతా మెత్తని రాయికి మూడు. ఈ తీసివేత చేయని ఉత్తరాన్ని ఆఫీసు తిప్పి పంపితే తప్పు పట్టలేం. యజమాని ఉత్తర భాగాన్ని 1.2 మీటర్లు పైకి జరపమంటే మిగిలేది 216 ఘనపు మీటర్లు, అంటే 7 రోజులు. అప్పుడు తవ్వకం వరకు కావాల్సిన పొడిగింపు 2 రోజులకు దిగుతుంది. దక్షిణం పొడిగింపు మరో యంత్రంతో పక్కనే సాగిపోతుంది. డ్రాయింగ్ మారడానికి పట్టే సమయం వేరే లెక్క. ఒక్క ఉత్తరం వల్ల యజమానికి ఏడు రోజులు, 216 ఘనపు మీటర్ల బ్రేకింగ్ ఖర్చు మిగిలే అవకాశం వచ్చింది. ఉత్తరం వద్దన్న లోకజ్ఞానం వల్ల ఆయనకు మిగిలేదేమిటో ఎవరైనా చెప్పగలరా?

పని ఆపకపోవడమూ అంతే ముఖ్యం. ఆదేశం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చునే హక్కు మామూలుగా ఏ ఒప్పందమూ ఇవ్వదు. ఫిడిక్ అయితే తగిన చర్యలతో పని కొనసాగించాలనే చెబుతుంది. రాయి ఉన్నచోట మాత్రమే ఆగి, మిగతాచోట సాగాలి. ఆగినచోటును, ఆగిన కారణాన్ని, ఎప్పటిలోగా జవాబు కావాలో ఉత్తరంలో చెప్పాలి. జవాబు రాకపోతే 11వ తేదీ సాయంత్రం ఇంకో చిన్న ఉత్తరం వేసి, డ్రాయింగ్ మట్టానికే బ్రేకర్‌తో మొదలుపెడుతున్నామని తెలిపి మొదలుపెట్టవచ్చు. నిర్ణయం రాకపోవడం వల్ల పోయిన రోజులు ఎవరి ఖాతాలోకి వెళ్లాలో అప్పుడు స్పష్టంగా ఉంటుంది.

నాకు ఎదురయ్యే గట్టి అభ్యంతరాన్ని దాటవేయను. ‘హైదరాబాద్‌లో తవ్వుతూ గ్రానైటు ఊహించలేదంటే ఎవరు నమ్ముతారు? టెండరులోనే సైట్ చూసుకున్నామని సంతకం పెట్టాం. బోర్ లాగ్‌లు సమాచారం కోసమే అని రాసి ఉంది.’ ఈ మాటలో బలముంది. 2014లో లండన్‌లోని టెక్నాలజీ అండ్ కన్‌స్ట్రక్షన్ కోర్టు జిబ్రాల్టర్ విమానాశ్రయ సొరంగం కేసులో తీర్పిచ్చింది. అక్కడ స్పెయిన్ కాంట్రాక్టరు ఒబ్రాస్కాన్ ఉవార్తే లైన్. ఒప్పందం ఫిడిక్ ఎల్లో బుక్ ఆధారంగా రాసుకున్నది. ముందస్తు నివేదికల్లో చెప్పిన దానికంటే కలుషిత మట్టి ఎక్కువ వచ్చింది, అది ఊహించలేనిదని కాంట్రాక్టరు వాదన. న్యాయమూర్తి ఏకెన్‌హెడ్ ఒప్పుకోలేదు. అనుభవమున్న కాంట్రాక్టరు నివేదికలోని అంకెను పట్టుకు వేలాడకుండా ఆ స్థలం చరిత్ర చూసి సొంతంగా అంచనా వేసుకోవాలన్నారు. 2015లో అప్పీలు కోర్టు కూడా కాంట్రాక్టరు పక్షం వహించలేదు.

ఈ తీర్పు ఉత్తరం దండగని చెప్పడం లేదు. ఉత్తరంలో ఏముండాలో చెబుతోంది. ‘రాయి వస్తుందని ఊహించలేదు’ అని రాస్తే ఓటమి ఖాయం. రాయి వస్తుందని అందరికీ తెలుసు. ఏ లోతులో, ఎంత విస్తీర్ణంలో అన్నదే ప్రశ్న. 0.4 హెక్టారు భవన స్థలానికి నాలుగు మూలలా ఒకటి, మధ్యలో ఒకటి బోరు చాలని ఐఎస్ 1892 1979 నాటి ప్రతి చెప్పింది. మన గొయ్యి విస్తీర్ణం అందులో పదో వంతు కూడా లేదు, దానికి రెండు బోర్లున్నాయి. రెండూ ఒకే మాట చెప్పాయి. వాటి మధ్య మూడు మీటర్ల ఎత్తున చట్టు లేచి ఉంటుందని టెండరు రోజున ఏ ఆధారంతో అంచనా వేయాలి? ఉత్తరంలో పెట్టాల్సిన ప్రశ్న అది. పక్క స్థలంలో రోడ్డు మీదికే చట్టు కనిపిస్తూ ఉంటే ఈ ప్రశ్నకు బలం పోతుంది. అప్పుడు అదనపు డబ్బు మీద ఆశ తగ్గించుకోవాలి. అయినా రాఫ్టు డిజైను ప్రశ్న తగ్గదు, లెవెల్స్ తీయాల్సిన అవసరం తగ్గదు. డబ్బు రాని చోట కూడా ఈ ఉత్తరం రాయాల్సిందే.

అదే జిబ్రాల్టర్ కేసులో నోటీసు గురించి కోర్టు చెప్పినది కాంట్రాక్టర్లకు ఊరటనిచ్చేది. 28 రోజుల గడువు లెక్కను మరీ సంకుచితంగా చదవనక్కరలేదని, జాప్యం నిజంగా మొదలైనప్పటి నుంచి కూడా లెక్కపెట్టవచ్చని న్యాయమూర్తి అన్నారు. నోటీసు ఫలానా ఫారంలోనే ఉండాలని కూడా పట్టుబట్టలేదు. క్లెయిము చేస్తున్నట్టు అర్థం కావాలి, రాతలో ఉండాలి, అంతే. అంత తక్కువ అడిగినప్పుడు కూడా ఇవ్వకపోతే ఆ పైన కోర్టులను అనడం వృథా.

యజమానుల వైపు, ఆఫీసుల వైపు ఒక మాట. ఉత్తరం పట్టుకొచ్చిన మనిషిని ‘మీరు కూడా మొదలుపెట్టారా’ అని పలకరించడం ఆపండి. ఇన్‌వర్డ్ ముద్ర వేయడానికి మూడు రోజులు తిప్పుకోవడం ఆపండి. ముద్ర వేసినంత మాత్రాన క్లెయిము ఒప్పుకున్నట్టు కాదు. ‘అందింది, పరిశీలిస్తున్నాం, ఫలానా రోజు సైట్‌కు వస్తాం’ అన్న రెండు లైన్ల జవాబు మీ హక్కులకు ఏ భంగమూ చేయదు. జవాబివ్వకపోతే రాయి ఆగదు. బ్రేకర్ దానిపని అది చేసుకుపోతుంది, మీ ముందున్న దారులు ఒక్కొక్కటే మూసుకుపోతాయి.

కాంట్రాక్టర్లకు చెప్పాల్సింది మరీ చిన్నది. ఒప్పందం తెరిచి నోటీసు ఎవరికి ఇవ్వాలో ఈ రోజే చూసుకోండి. సీపీడబ్ల్యూడీలో ఇంజనీర్-ఇన్-చార్జికి, ఫిడిక్ రెడ్ బుక్‌లో ఇంజనీరుకు ఇచ్చి యజమానికి కాపీ, చిన్న ప్రైవేటు పనిలో నేరుగా యజమానికి. చిరునామా, ఈమెయిల్ చెల్లుతుందా లేదా అన్నది రాసి సైట్ ఆఫీసు గోడకు అంటించండి. రేపు బకెట్ ఆగితే ఆ సాయంత్రం ఆరు గంటల లోపు మొదటి ఉత్తరం వెళ్లాలి, బ్రేకర్‌కు ఫోన్ ఆ తర్వాతే చేయాలి.